112 పన్నా కాటన్‌లో పొడుగు కుర్తాకి రెండున్నర మీటర్లు సరిపోతుందా?

నూలుపోగు
నేను కుట్టడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. మొదటిసారి ఆన్‌లైన్‌లో మీటర్ల లెక్కన బట్ట తెప్పిద్దామనుకుంటున్నాను. ప్రింటెడ్ కాటన్, పన్నా, అంటే బట్ట వెడల్పు, 112 సెంటీమీటర్లు అని రాశారు. కుర్తా పొడవు 110, ముప్పావు చేతులు 45, పక్కల చీలికలు, కింద కొంచెం ఘేరు. రెండున్నర మీటర్లు చాలని అమ్మేవాళ్లు అంటున్నారు. పోయినసారి ఇలాగే ఎవరో చెప్పిన కొలతకి తీసుకుని, ఉతక్కుండా కుట్టేశాను. రెండు ఉతుకులకే మోకాళ్ల కిందికి ఉండాల్సింది మోకాళ్ల పైకి వచ్చింది. అందుకే ఈసారి టెన్షన్. బట్ట తెప్పించే ముందు ఏమేం చూడాలి? ఎంత తెప్పించాలి?

పైజేబు
ఇంత ఆలోచన ఎందుకండీ. పొడవుకి రెండింతలు, దానికి ఒక చెయ్యి పొడవు కలుపు. 110, 110, 45 కలిపితే 265. దాని మీద పది శాతం వేసుకుంటే దాదాపు 2.9. మూడు మీటర్లు కొనెయ్యండి. నేనెప్పుడూ ఇదే లెక్క. ఇంకో మాట, మందంగా ఉన్న బట్ట తీసుకోండి, అది ముడుచుకోదు. పల్చటివే ముడుచుకుంటాయి.

సాయంకాలం
ముడుచుకుపోయిన కుర్తాని మళ్లీ సాగదీయాలంటే గోరువెచ్చని నీళ్లలో కండిషనర్ వేసి నానబెట్టి, తడిగా ఉండగానే నెమ్మదిగా లాగి ఆరబెట్టండి. నా టీషర్టుకి కొంత పని చేసింది.

నూలుపోగు
సాయంకాలం గారూ, పాత కుర్తా ఎటూ పోయింది, దాన్ని మా చెల్లికి ఇచ్చేశాను. కొత్త బట్ట ఎంత తెప్పించాలన్నదే నా ప్రశ్న.

కత్తెరమామ
అమ్మాయ్, పైజేబు చెప్పిన లెక్కలో సగం నిజం ఉంది. పొడవుకి రెండింతలు ఎందుకు కావాలో ముందు చూసుకో, తర్వాతి లెక్క అంతా దాని మీదే నిలబడుతుంది.

నీ కుర్తాలో అన్నిటికన్నా వెడల్పైన చోటు ఎక్కడ? కింద అంచు దగ్గర. అక్కడ ఒక్కో భాగం, కుట్లలోకి పోయేదీ పక్కల మడతలూ కలుపుకుని, ఎంత వస్తుందో చెప్పు. అది పన్నాలో సగంలోపు ఉంటే ముందు భాగం, వెనక భాగం పక్కపక్కనే వస్తాయి. అప్పుడు ఒక్క పొడవు, దానిమీద చేతులకి ఇంకొంత చాలు. సగం దాటిందా, ఒకదాని కింద ఒకటి వేయాల్సిందే. అప్పుడు పక్కన ఒక పొడుగాటి పట్టీ మిగులుతుంది. చేతులు ఆ పట్టీలో పడితే విడిగా బట్ట అక్కర్లేదు. పడకపోతే ఇంకో అరమీటరు. రెండున్నరకీ మూడుకీ మధ్య తేడా అంతా ఆ పట్టీ దగ్గరే ఉంటుంది.

మందం గురించి ఒక మాట. మందపు నూలుబట్ట కూడా ముడుచుకుంటుంది. పైగా మందంగా కనిపించేదంతా నూలు కాదు. గంజి బాగా పట్టిన బట్ట కూడా చేతికి మందంగానే తగులుతుంది. ఒక మడత తీసుకుని రెండు పొరలూ ఒకదానితో ఒకటి గట్టిగా రుద్ది చూడు. తెల్లపొడి రాలిందంటే అది గంజి. మొదటి ఉతుకుతో పోతుంది, బట్ట మెత్తబడి వదులుగా వేలాడుతుంది. ఆ తర్వాత వెలుతురుకి పట్టుకుంటేనే నేత ఎంత దగ్గరగా ఉందో అసలు సంగతి కనపడుతుంది.

నూలుపోగు
కింద అంచు దగ్గర ఒక్కో భాగం 64 వస్తుంది మామయ్యా. ఛాతీ దగ్గర 54. పొడవు, భుజం కుట్టు 2, కింద మడత 4 కలిపి 116. చెయ్యి, అన్నీ కలుపుకుని 41 వెడల్పు, 50 పొడవు.

రెండు 64లు అంటే 128, కాబట్టి పక్కపక్కన రావు. ఒకదాని కింద ఒకటి వేస్తే 232. 112లో 64 పోతే 48 మిగులుతుంది, చెయ్యి 41. అంటే చేతులు పట్టీలోనే వచ్చేస్తాయి కదా? అప్పుడు రెండున్నర సరిపోయినట్టే!

కత్తెరమామ
లెక్క బానే వేశావు, కానీ 112 అన్నది వాళ్లు రాసిన అంకె. నీ చేతికి వచ్చే బట్ట అంత ఉండకపోవచ్చు. పైగా అంచుల్లో రెండు వైపులా నేత బిగుతుగా ఉంటుంది, ప్రింటు అంతదాకా రాదు, బట్టని బిగించి పట్టిన గుచ్చుల చిల్లులు కూడా ఉంటాయి. ఆ మేర వాడుకోలేవు. ముందు ఒక అరమీటరు మాత్రమే తెప్పించు. పూర్తి పన్నాతో పంపమని చెప్పు, చిన్న ముక్క వద్దు. ఆ అరమీటరు ఖర్చు, తప్పు కొలతకి కొని పాడుచేసుకునే బట్ట ఖర్చు కంటే తక్కువే.

రాగానే ఉతకొద్దు. బల్ల మీద పరిచి, లాగకుండా, అంచు నుంచి అంచుకి మూడుచోట్ల కొలువు. తర్వాత అంచులు వదిలేసి ప్రింటు ఉన్నంత మేర కొలువు. తర్వాత మధ్యలో, అంచులకి దూరంగా, ఉతికినా పోని మార్కర్‌తో 40కి 40 చతురస్రం గీయి. ఏది పడుగు దిశో ఒక బాణం గుర్తు వేసుకో. అంచు ఎటు పోతోందో అదే పడుగు.

అప్పుడు నువ్వు కుర్తాని రోజూ ఎలా ఉతుకుతావో అలాగే ఉతుకు. మిషన్‌లో అయితే మిషన్‌లో, ఎండలో ఆరేస్తే ఎండలో. ఆరాక ఇస్త్రీ చెయ్యి, కానీ పెట్టెని రుద్దుతూ లాగకు, ఎత్తి ఎత్తి అద్దు. చల్లారాక కొలువు. రెండోసారి కూడా ఉతికి చూడు.

జరీపోగు
ఇక్కడ నా కథ చెప్పాలి. నేను పైబట్టని ఇలాగే శ్రద్ధగా ఉతికి, లైనింగ్‌ని మాత్రం ఉతక్కుండా కుట్టాను. మొదటి ఉతుకు తర్వాత లైనింగ్ కింద నుంచి పైకి లాక్కుపోయి, పైబట్ట బుడగల్లా ఉబ్బింది. ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు, విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. నూలుపోగూ, నీ కుర్తాకి లైనింగ్ వేస్తే దానికీ చతురస్రం గీయమ్మా.

నూలుపోగు
లైనింగ్ లేదక్కా, బట్ట పల్చగా ఉండదనే అనుకుంటున్నాను. అరమీటరు ఆర్డర్ పెట్టాను. వచ్చాక చెప్తాను.

పైజేబు
ఉతికి చూడటం అదీ బాగానే ఉంది కానీ, నీళ్లలో ఓ రాత్రి నానబెట్టి ఆరేస్తే చాలదా? నేను అంతే చేస్తాను. నా బట్టలకి రంగు కూడా పోలేదు.

కత్తెరమామ
నానబెడితే గంజి వదులుతుంది, బట్ట ముడుచుకునే మేర, అదే ముడుపు, చాలావరకు అప్పుడే వస్తుంది. మగ్గం మీద పడుగుని గట్టిగా లాగి బిగిస్తారు, నీళ్లు తగలగానే ఆ బిగింపు వదులుతుంది. అందుకే పొడవులో ముడుపు ఎక్కువ, వెడల్పులో తక్కువ. కానీ మిషన్‌లో తిరిగినప్పుడు ఆ కుదుపుకి ఇంకొంచెం దగ్గరవుతుంది. నీ బట్టలు చేత్తో ఉతుకుతావేమో, అందుకే నీకు నానబెట్టడం సరిపోతోంది. మిషన్ వాడేవాళ్లకి నేను నమ్మకంగా చెప్పలేను.

జరీపోగు
ఇందులో నాకు వేరే అభిప్రాయం ఉంది మామయ్యా. నేను కుట్టే ముందు వేడినీళ్లలోనే ఒకసారి ఉతికేస్తాను. తర్వాత ఎలా ఉతికినా పెద్దగా ముడుచుకోదు కదా అని.

కత్తెరమామ
అదీ ఒక పద్ధతే. కానీ వేడినీళ్లకి ప్రింటు రంగు ముందే వెలిసిపోతే ఎలా? బట్టని బట్టి చూసుకోవాలి.

నూలుపోగు
అరమీటరు వచ్చింది. మీరు చెప్పినట్టే చేశాను, రెండు రోజులు పట్టింది.

పన్నా అంచు నుంచి అంచుకి 110 మాత్రమే ఉంది. ప్రింటు ఉన్న మేర 107. రుద్దితే పొడి కొద్దిగా రాలింది. మొదటి ఉతుకు తర్వాత చతురస్రం పడుగు వైపు 40 నుంచి 37.6కి వచ్చింది, అడ్డం వైపు 38.8. రెండో ఉతుకు తర్వాత పడుగు 37.2, అడ్డం అలాగే 38.8. మూడోసారి కూడా ఉతికాను, ఏం మారలేదు. అంటే పొడవులో 7 శాతం, అడ్డంలో 3 శాతం. 107లో 3 శాతం పోతే దాదాపు 104 మిగులుతుంది.

ఇప్పుడు పట్టీ చూస్తే భయం వేసింది. 104లో 64 పోతే 40. నా చెయ్యి 41. ఒక్క సెంటీమీటరు తక్కువ! ఇప్పుడు చేతుల కోసం విడిగా 50 సెంటీమీటర్లు తీసుకోవాలా?

పైజేబు
చూశారా, నేను మొదటే చెప్పాను, మూడు మీటర్లని.

కత్తెరమామ
ఆగు పైజేబూ, మూడు కూడా చాలదు. చేతుల్ని విడిగా తీస్తే 232కి 50, చివరలు సరిచేయడానికి 8 కలిపి 290. ఉతికాక 290 మిగలాలంటే దాన్ని 0.93తో భాగించాలి, 312 అవుతుంది. నువ్వు చెప్పిన పది శాతం కలపడం చాలాసార్లు సరిపోతుంది కానీ, ఈ బట్టకి నీ మొదటి 265 అంకెలోనే కుట్లకి, మడతలకి చోటు లేదు.

అయితే అమ్మాయ్, విడిగా తీయాల్సిన పనిలేదు. నువ్వు 64ని భాగం మొత్తానికీ పరిచావు. నీ కుర్తా పై నుంచి కిందికి అంత వెడల్పు లేదు కదా. ఛాతీ దగ్గర 54 అన్నావు. భాగాన్ని ఎడమ అంచుకి ఆనించావనుకో, కింద 64 మొత్తం అంచుని తాకుతుంది, ఛాతీ దగ్గర మాత్రం రెండు వైపులా 5 చొప్పున లోపలికి ఉంటుంది. అంటే ఛాతీ పక్కన కుడి వైపు ఎంత ఖాళీ? 104లో 59 పోతే 45. చెయ్యి 41, పొడవు 50. దాన్ని భుజం నుంచి నడుము వరకూ ఉన్న ఆ ఖాళీలో పెట్టు, కిందికి జరపకు. రెండు భాగాలున్నాయి కాబట్టి ఒక్కోదాని పక్కన ఒక్కో చెయ్యి. అప్పుడు పొడవు 232 తోనే సరిపోతుంది.

ఒక షరతు. బట్టని అంచుకి అంచు కలిపి సగానికి మడిచి కత్తిరించకు. అలా మడిస్తే మిగిలే పట్టీ రెండు వైపులా విడిపోయి, ఇరవైకి కొంచెం అటూ ఇటూ ఉండే రెండు ముక్కలవుతుంది. ఏ చెయ్యీ రాదు. 32 మాత్రమే మడిచి, మిగతాది ఒంటి పొరగా వదిలెయ్యి.

నూలుపోగు
ఇది నాకు అస్సలు తట్టలేదు. నేను ఇప్పటిదాకా అంచుకి అంచు మడిచే కత్తిరిస్తున్నాను. కానీ ఒక సందేహం. ఒకదాని కింద ఒకటి కాబట్టి, బట్టని పొడవులో సగానికి మడిచి రెండు భాగాలూ ఒకేసారి కత్తిరిస్తే? పని సగమవుతుంది.

కత్తెరమామ
ప్రింటు ఎలా ఉంది?

నూలుపోగు
చిన్న చిన్న మొక్కలు. వేళ్లు కిందికి, పువ్వులు పైకి.

కత్తెరమామ
అయితే వద్దు. పొడవులో మడిస్తే కింది పొర తల్లకిందులవుతుంది. వెనక భాగంలో పువ్వులన్నీ నేల చూస్తాయి. రెండు భాగాలూ ఒకే దిక్కుకి పెట్టి విడివిడిగా కత్తిరించు. చేతులూ అదే దిక్కుకి.

ఆ అరమీటరు చివర ఎలా కత్తిరించి వచ్చింది, చింపారా, కత్తెర పెట్టారా? అడ్డంగా ఒక పేక పోగు లాగి చూడు.

నూలుపోగు
కత్తెర పెట్టారు. పోగు లాగితే మధ్యలో తెగిపోయింది, రెండోసారికి వచ్చింది. ఒక మూల నుంచి రెండో మూలకి వచ్చేసరికి 3 సెంటీమీటర్లు వంకర.

కత్తెరమామ
అందుకే 8 కలిపాను. రెండు చివరలా 3 చొప్పున పోతే 6, ఇంకో రెండు చెయ్యి తిరగడానికి. ఇప్పుడు లెక్క వేయి. 232కి 8 కలిపితే 240. దాన్ని 0.93తో భాగిస్తే 258. వాళ్లు చెప్పిన రెండున్నర మీటర్లు కొని ఉంటే? ఉతికాక 232 మిగిలేది. కాగితం మీద సరిగ్గా సరిపోయినట్టే. ఆ వంకర చివరలు తీసేశాక 6 సెంటీమీటర్లు తక్కువ. కింద మడతైనా వదులుకోవాలి, పొడవైనా తగ్గించుకోవాలి. వాళ్లు పావు మీటరు లెక్కన అమ్మితే 2.75 తీసుకో. ఉతికాక దాదాపు 256 మిగులుతుంది, మెడ పట్టీలకి కూడా పైన ఉంటుంది.

వంకర పేక వల్ల ఇంకో చిక్కు ఉంది, చూసుకో. ప్రింటు వరసలు పేకతో పాటే వంకరగా ఉన్నాయా, లేక ప్రింటు తిన్నగా ఉండి పేక మాత్రం వంకరా? మొదటిదైతే, బట్ట తడిగా ఉన్నప్పుడు ఎదురు మూలలు పట్టి లాగితే కొంత దారికి వస్తుంది. రెండోదైతే రాదు. పేకకి సరిచేసి కత్తిరిస్తే పువ్వులు ఏటవాలుగా కనపడతాయి, ప్రింటుకి సరిచేసి కత్తిరిస్తే ఉతుకుతున్నకొద్దీ కుర్తా ఒక పక్కకి తిరుగుతుంది.

నూలుపోగు
ప్రింటు పేకతో పాటే ఉంది, హమ్మయ్య. మరి నేత గట్టిదో కాదో ఉతికిన ముక్కలో ఎలా తెలుస్తుంది? వెలుతురుకి పట్టుకుంటే పోగుల మధ్య చిన్న చిన్న సందులు కనిపిస్తున్నాయి.

జరీపోగు
రెండు బొటనవేళ్లూ బట్ట మీద పక్కపక్కన పెట్టి, గట్టిగా పట్టుకుని రెండు వైపులకీ లాగు. పోగులు పక్కకి జరిగి నిచ్చెనలా సందు పడితే చంక దగ్గర, వెనక నడుం దగ్గర కుట్టు పక్కనే బట్ట విడిపోతుంది. కుట్టు ఊడదు, బట్టే జరుగుతుంది. నా ఒక డ్రెస్‌కి అదే అయ్యింది, టైలర్‌ని అనవసరంగా తిట్టాను.

నూలుపోగు
లాగాను. కొద్దిగా జరిగింది, వదిలేస్తే తిరిగి దగ్గరకు రాలేదు.

కత్తెరమామ
నీది వదులు కుర్తా కాబట్టి నడుస్తుంది. బిగుతుగా కుట్టాల్సినదైతే ఈ బట్ట వద్దనేవాణ్ణి. చంక కుట్టులోకి ఒకటిన్నర వదలమని అలవాటు కదా, అక్కడ రెండు వదులు. నీ చెయ్యి కొలతలో ఆ తేడా కలుపు, 41 కాస్తా 42 అవుతుంది. 45లో పడుతుంది, పర్వాలేదు. కుట్టుని రెండో వరసతో పట్టెయ్యి.

పైజేబు
అయితే ఇంత లెక్క ప్రతి కుర్తాకీ చేయాలా? నేను దుకాణానికి వెళ్లి చేత్తో పట్టుకుని కొంటాను కాబట్టి అరమీటరు కథ నాకు కుదరదు. అక్కడ నిలబడి ఏం చూడాలి?

కత్తెరమామ
టేపు జేబులో పెట్టుకుని వెళ్లు. తాను విప్పినప్పుడు పన్నా నువ్వే కొలువు, ప్రింటు ఉన్న మేర. బొటనవేళ్ల పరీక్ష అక్కడే అవుతుంది. పొడి రాలుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. ముడుపు మాత్రం దుకాణంలో తెలీదు. ముందే ముడుచుకునేలా చేసి అమ్ముతున్నామని రాసి ఉన్న బట్టైతే నేను 3 శాతం వేస్తాను. లేకపోతే నూలుకి 7 నుంచి 8. వదులుగా నేసిన చేనేతకైతే పది. ఇది నా చేతి అలవాటు, ఒక్కోసారి తప్పుతుంది.

జరీపోగు
విస్కోస్, రేయాన్ అన్నవి కూడా బాగా ముడుచుకుంటాయి అని కలపండి మామయ్యా. కాటన్ కాదు కదా అని చాలామంది వదిలేస్తారు. తడిసినప్పుడు బలం కూడా తగ్గుతుంది, పిండేటప్పుడు జాగ్రత్త.

నూలుపోగు
2.75 తెప్పించాను. వచ్చింది 272 మాత్రమే, మూడు తక్కువ. అడిగితే బట్ట లాగి కొలిచామన్నారు. ఉతికాక 253 ఉంది. చివరలు సరిచేశాను, రెండు భాగాలూ ఒకే దిక్కుకి పెట్టాను, 32 మడిచాను. చేతులు పడ్డాయి మామయ్యా! ఎడమ చెయ్యి పక్కన మూడు వేళ్ల మందం మిగిలింది. మెడ పట్టీ మాత్రం కుడి వైపు ముక్కలో పెట్టాల్సి వచ్చింది, పువ్వు తల్లకిందులుంది, లోపలికి పోతుంది కదా అని వదిలేశాను.

కత్తెరమామ
లోపలికే కదా, పర్లేదు. అదే పట్టీ బయటికి తిప్పి కుట్టే మెడైతే ఆపేవాణ్ణి.

సాయంకాలం
ఇదే బట్టతో కిటికీ పరదాలు కుట్టాలంటే ఎలా లెక్కేయాలి? కిటికీ పొడవు 150. పరదా ఉతకాలంటే 7 శాతం ముడిచిపోతుంది కదా, 11 పైచిలుకు కలపాలా?

జరీపోగు
పరదాకి కింద మడత, పైన రాడ్ దూరడానికి గొట్టం, ఈ రెండూ ముందు కలిపి తర్వాత 0.93తో భాగించండి. వెడల్పులో మాత్రం ఎన్ని పన్నాలు కావాలన్నది మీ కిటికీ ఎంత వెడల్పో, ఎంత కుచ్చు కావాలో చెప్తేనే తేలుతుంది. ఒకటి, పన్నాలు అతికేచోట ప్రింటు కలవాలంటే ప్రతి పన్నాకీ ఒక పూర్తి డిజైన్ ఎత్తు అదనంగా పడుతుంది. ఆ డిజైన్ ఎత్తు ఎంతో ముందు టేపు పెట్టి కొలవండి.

సాయంకాలం
మొక్క నుంచి మొక్కకి 14. రేపు కిటికీ వెడల్పు కొలిచి రాస్తాను.